పెళ్లిలో వౌస్ చెప్పాలి, మైకంటే భయం: ఏం రాయాలి, ఎంత రాయాలి?

ప్రశ్న: "వచ్చే నెల నా పెళ్లి, హైదరాబాద్‌లోనే. అమ్మాయి న్యూజెర్సీలో పెరిగింది. మన పెళ్లి తంతుతో పాటు ఇద్దరం సొంతంగా రాసుకున్న వౌస్, అంటే ఒకరికొకరు ఇచ్చుకునే మాటలు కూడా చెప్పుకుందాం అంటోంది. నాకు ఆఫీసు మీటింగ్‌లో నలుగురి ముందు మాట్లాడాలన్నా గొంతు వణుకుతుంది. సినిమా డైలాగుల్లా కాకుండా చిన్నగా, నిజంగా అనిపించేలా ఎలా రాయాలి? అసలు స్టేజి మీద ఎలా చెప్పాలి?"

పది పన్నెండు చిన్న వాక్యాలు చాలండి. నిదానంగా చదివితే నిమిషం, మహా అయితే నిమిషంన్నర. బట్టీ పట్టొద్దు, కార్డు మీద రాసుకుని చూసి చదవండి, అది తప్పేం కాదు. ఆ కార్డులో ఉండాల్సినవి కూడా పెద్దగా ఏం లేవు: ఆమె చేస్తుండగా మీరు కళ్ళారా చూసిన ఒక పని, మీరు నిజంగా నిలబెట్టుకోగలిగిన రెండు మూడు మాటలు, చివర్లో ఒక చిన్న లైను. మిగతాదంతా తీసేయొచ్చు.

నేను పెళ్లిళ్లకి, రిసెప్షన్లకి యాంకరింగ్ చేస్తాను. ఈ మధ్య ఎన్నారై సంబంధాలు ఉన్న పెళ్లిళ్లలో ఈ వౌస్ ముచ్చట బాగా వస్తోంది, మైకు నా చేతిలో ఉంటుంది కాబట్టి "కొంచెం చూసి పెట్టండి" అని ఆ కాగితాలు నా దగ్గరికే వస్తాయి. ఎక్కువగా పెళ్లికొడుకులే వస్తారు, అది కూడా ముందు రోజు రాత్రి. మీరు నెల ముందే అడిగారు, కాబట్టి టైం ఉంది.

ముందు ఒక మాట చెప్తా, ఇది అర్థమైతే సగం బరువు దిగుతుంది. పెద్ద ప్రమాణాలన్నీ పంతులుగారు మీ చేత ఎలాగూ చేయిస్తారు. కన్యాదానం దగ్గర "ధర్మేచ, అర్థేచ, కామేచ" అని అమ్మాయి నాన్నగారి చేత అడిగిస్తారు, మీరు "నాతిచరామి" అంటారు. అంటే ధర్మంలో, సంపాదనలో, కోరికల్లో ఆమెని దాటి పోను అని అందరి ముందూ అన్నట్టే కదా. సూత్రం కట్టేటప్పుడు "త్వం జీవ శరదాం శతం" అంటారు, నూరేళ్లు బతకమని. సప్తపదిలో అన్నం, బలం, వ్రతం, సుఖం అంటూ ఒక్కో అడుగుకీ ఒక్కో కోరిక ఉంటుంది, ఏడో అడుగు అయ్యాక "సఖా సప్తపదా భవ" అని స్నేహం దగ్గర ఆగుతుంది. జీవితం మొత్తానికి సరిపడేది అక్కడే అయిపోయింది. మళ్ళీ మీ కార్డులో ఏడేడు జన్మలు, ప్రాణం, ప్రపంచం ఇవన్నీ మోయక్కర్లేదు. మంత్రాల్లో లేనిది, మీ ఇద్దరికి మాత్రమే తెలిసింది మీరు చెప్పాలి. అది చిన్నగానే ఉంటుంది, ఉండాలి కూడా.

ఇప్పుడు ఒక కేసు పూర్తిగా చెప్తాను, ఎలా రాయాలో దాంట్లోనే తెలుస్తుంది. అతని పర్మిషన్‌తోనే, ఊరూ పేరూ లేకుండా.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసే అబ్బాయి, మీలాగే మైకు చూస్తే చెమటలు. ఫోన్‌లో పేజీన్నర టైప్ చేసుకొచ్చాడు. మొదలు ఇలా ఉంది:

"నిన్ను చూసిన మొదటి క్షణంలోనే నా జీవితం మారిపోయింది. నువ్వే నా ప్రాణం, నువ్వే నా ప్రపంచం. నీ కంట్లో ఏనాడూ నీళ్లు రానివ్వను. నీ ప్రతి కలనీ నిజం చేస్తాను. ఎన్ని జన్మలెత్తినా నువ్వే కావాలి..."

చదివి, "మొదటిసారి చూడగానే నిజంగా అలా అనిపించిందా?" అన్నాను. నవ్వేసి "లేదండీ, కాఫీ షాప్‌లో కలిశాం, ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలీక ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం" అన్నాడు. మరి ఈమెనే చేసుకుందాం అని ఎప్పుడు అనిపించింది అంటే కాసేపు ఆలోచించి చెప్పాడు. అబ్బాయి వాళ్ళ నాన్నగారికి స్టెంట్ వేసినప్పుడట. అప్పటికి ఇంకా నిశ్చితార్థం కూడా కాలేదు. చుట్టాలందరూ వచ్చి ఏం కాదులే, ధైర్యంగా ఉండండి అని చెప్పి వెళ్తున్నారు. ఈ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, చిందరవందరగా ఉన్న బిల్లులూ రిపోర్టులూ తీసుకుని తేదీల ప్రకారం ఫైల్లో పెట్టి ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర తనే మాట్లాడిందట. వెళ్ళేముందు వాళ్ళమ్మగారి ముందు పెరుగన్నం డబ్బా పెట్టి "మీరు తిన్నాకే నేను కదుల్తా ఆంటీ" అని కూర్చుందట.

ఇంత విషయం దగ్గర పెట్టుకుని "నువ్వే నా ప్రపంచం" అని రాశాడు చూడండి! పేజీన్నరలో ఎక్కడా ఆ ఫైలు లేదు, ఆ పెరుగన్నం లేదు. చాలామందికి ఇదే సమస్య, నిజంగా జరిగింది చాలా మామూలుగా ఉంది అనుకుని పక్కన పెట్టేసి, ఎక్కడో విన్నది తెచ్చి రాస్తారు. ఒక చిన్న పరీక్ష ఉంది: రాసిన వాక్యంలో ఆమె పేరు తీసి ఇంకో పెళ్లికూతురు పేరు పెట్టి చదవండి. అప్పుడు కూడా సరిపోతే ఆ వాక్యం కొట్టేయండి. "నువ్వే నా ప్రాణం" ఎవరికైనా సరిపోతుంది. బిల్లుల ఫైలు ఇంకెవరికీ సరిపోదు.

తర్వాత మాట ఇచ్చే భాగం. "నీ కంట్లో ఏనాడూ నీళ్లు రానివ్వను" అన్నది ఎవరి వల్లా కాని పని, అత్తగారింటికి వచ్చిన మొదటి వారంలోనే ఏదో ఒకదానికి ఏడుపొస్తుంది. ఏనాడూ, ఎప్పటికీ, ప్రతిరోజూ, ఏది అడిగినా, ఇలాంటి మాటలు ఉన్న వాక్యాలన్నీ ఒకసారి అనుమానంగా చూడండి. నేను అబ్బాయిల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: మీలో ఏం చూసి ఆమె విసుక్కుంటుంది? ఇతను తడుముకోకుండా "కోపం వస్తే మాట్లాడటం మానేస్తానండి, రెండు మూడు రోజులైనా సరే" అన్నాడు. ఇదిగో, మొదటి మాట ఇక్కడ దొరికింది. మనకున్న లోపం మనకి తెలుసు అని ఒప్పుకుని, దాని గురించి ఏం చేస్తామో ఒక్క పని చెప్పడం. ఆ పని కంటికి కనపడేదై ఉండాలి, చేశామా లేదా అన్నది తెలియాలి. "నిన్ను అర్థం చేసుకుంటాను" అంటే చేసుకున్నాడో లేదో ఎవరు చెప్తారు? "పడుకునేలోపు నోరు విప్పుతాను" అంటే ఆ రాత్రికే తెలిసిపోతుంది.

మిగతా రెండు మాటలు వాళ్ళ ఇద్దరి మధ్య అప్పటికే మాట్లాడుకున్న విషయాల్లోంచి తీశాం. అమ్మాయి తల్లి విజయవాడలో ఒక్కరే ఉంటారు, ఆవిడ గురించి అమ్మాయికి బెంగ. ఇంకోటి, అమ్మాయికి ఉద్యోగంలో వేరే ఊరు వెళ్ళాల్సి రావచ్చు. చివరికి కార్డు మీదకి ఎక్కింది ఇది, మొదట ఆమె పేరు, ఆ తర్వాత:

"మొదటిసారి కలిసినప్పుడు మనిద్దరం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం.

నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు అందరూ ఏం కాదులే అన్నారు. నువ్వు బిల్లులన్నీ తీసుకుని ఫైల్లో సర్దావు. అమ్మ తినేదాకా కదల్లేదు.

నిన్నే చేసుకోవాలని నాకు ఆ రోజు అనిపించింది.

కోపం వస్తే నేను మాట్లాడటం మానేస్తానని నీకు తెలుసు. ఇకనుంచి ఎంత కోపమొచ్చినా పడుకునేలోపు నోరు విప్పుతాను.

అత్తయ్యగారి మందులు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఇక నీ ఒక్కదాని పని కాదు, మనిద్దరి పని.

నీ ఉద్యోగం ఏ ఊరు రమ్మన్నా, కుదరదు అని మొదలుపెట్టను. ముందు కూర్చుని వింటాను.

నీ పక్కనే ఉంటాను."

అంతే. నిదానంగా చదివితే నిమిషం పట్టింది. మొదటి వాక్యానికి హాల్లో నవ్వారు, ఆ నవ్వుల టైంలో ఇతనికి ఊపిరి పీల్చుకునే గ్యాప్ దొరికింది. జోకు వేయాలని పెట్టింది కాదు అది, నిజంగా జరిగింది కాబట్టి నవ్వొచ్చింది. మీరు కావాలని జోకు పెట్టకండి, భయంలో ఉన్నవాళ్ళకి జోకు పేలకపోతే ఆ తర్వాత లైను కూడా పోతుంది.

ఒక జాగ్రత్త, హాస్పిటల్ విషయం నలుగురిలో చెప్తున్నాం కాబట్టి వాళ్ళ నాన్నగారిని ముందే అడగమన్నాను. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం సంగతి వాళ్ళని అడక్కుండా చెప్పొద్దు. డబ్బు, సంబంధం కుదరడంలో జరిగిన గొడవలు, పాత ప్రేమకథలు, కులం, కట్నం, వీటిని మైకులో ఎత్తకండి, ఎంత నిజమైనా సరే. నిజం చెప్పడం అంటే ఉన్నదంతా చెప్పడం కాదు కదా, చెప్పింది నిజమైతే చాలు. అలాగే మీ అమ్మానాన్నల తరఫున మాట ఇవ్వొద్దు. "మా అమ్మ నిన్ను కూతురిలా చూసుకుంటుంది" అన్నారనుకోండి, అది మీ చేతుల్లో లేదు. పైగా మీ అమ్మగారు అక్కడే ముందు వరసలో ఉంటారు.

భయం సంగతి. గొంతు వణకడానికి కారణం ఎక్కువగా ఊపిరే. కంగారులో పైపైనే పీల్చుకుంటాం, గాలి సరిపోదు, దాంతో వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు సన్నబడి ఊగుతుంది. అందుకే వాక్యాలు పొట్టిగా రాయమనేది, అందం కోసం కాదు. ఒక్క ఊపిరిలో రాని వాక్యం ఏదైనా ఉంటే రెండు చేయండి. రాసింది బయటికి గట్టిగా చదవండి, మనసులో చదివితే ఇది తెలీదు. ఎక్కడ నాలుక మడత పడుతోందో ఆ మాట మార్చేయండి, "కృతజ్ఞతాభావంతో" లాంటివి భయంలో ఉన్న నోటికి అస్సలు తిరగవు, "నీ మేలు మర్చిపోను" అంటే సరిపోయే. ఇంట్లో ఆమెతో ఎలా మాట్లాడతారో అదే యాస, అవే మాటలు రాయండి. ఇంట్లో "నువ్" అనేవాళ్ళు స్టేజి ఎక్కగానే పుస్తకంలో భాష మాట్లాడితే ముందు మీకే కొత్తగా ఉంటుంది.

వణుకు మొదటి వాక్యంలోనే ఎక్కువ ఉంటుంది, ఒకటి రెండు వాక్యాలు దాటితే చాలామందికి తగ్గుతుంది. కాబట్టి మొదటిది ఆమె పేరు ఒక్కటే పెట్టుకోండి. పేరు పిలిచి ఆగండి. మైకు దగ్గరికి వచ్చాక, పేరు పిలిచే ముందు, లోపలున్న గాలి అంతా మెల్లగా నోటితో బయటికి వదిలేయండి. అందరూ గట్టిగా పీల్చుకోమంటారు, కంగారులో ఉన్నవాడు ఇంకా పీల్చుకుంటే ఛాతీ పట్టేసినట్టు అవుతుంది. వదిలితే తర్వాతి ఊపిరి దానంతట అదే లోపలికి వస్తుంది.

ఎవరో ఒకరు మాత్ర వేసుకో అంటారు, గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ పేరు చెప్తారు. డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. ఫ్రెండ్స్ "ఒక్క పెగ్గు వేసుకో, ధైర్యం వస్తుంది" అంటే అది కూడా వద్దు, మాట ముద్దవుతుంది.

ఫోన్‌లో చూసి చదవొద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. స్క్రీన్ లాక్ పడుతుంది, మధ్యలో ఎవరో "హాల్ లొకేషన్ పంపు" అని మెసేజ్ పెడతారు, చేతికి పసుపు ఉంటే టచ్ పనిచేయదు. ఏ4 కాగితం కూడా వద్దు, చెయ్యి కాస్త వణికినా కాగితం అంచు రెపరెపలాడుతూ హాలంతటికీ కనపడుతుంది. శుభలేఖ మందంలో ఉండే అట్ట తీసుకుని పోస్టుకార్డు సైజులో కట్ చేయించండి. అక్షరాలు పెద్దగా, ఒక్కో ఊపిరికి ఒక్కో లైను, ఎక్కడ తలెత్తి ఆమెని చూడాలో అక్కడ ఒక ఖాళీ లైను. అన్ని లైన్లకీ తలెత్తక్కర్లేదు, పేరు పిలిచినప్పుడు, ఆఖరి లైను చెప్పేటప్పుడు చూస్తే చాలు, ఆ రెండే కంఠతా వచ్చి ఉండాలి. ఇంకో కాపీ మీ చెల్లి దగ్గరో తోడల్లుడి దగ్గరో ఉంచండి, షేర్వాణీ మార్చుకునేటప్పుడు మొదటిది పాత జేబులో ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మైకు మీరు పట్టుకోకండి, యాంకర్‌నో ఫ్రెండ్‌నో పట్టుకోమనండి, గడ్డానికి నాలుగు వేళ్ళ దూరంలో. ఒక చేత్తో కార్డు, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకోండి. వణుకు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. సౌండ్ అతనికి ముందే చెప్పి పెట్టండి, మెల్లగా మాట్లాడే గొంతు, కొంచెం వాల్యూమ్ పెంచమని. గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే వణుకు ఇంకా తెలిసిపోతుంది.

ఇక ఎప్పుడు చెప్పాలి అన్నది. మీరు అడగలేదు గానీ, ఇక్కడే ఎక్కువ చెడుతుంది. ముహూర్తం దగ్గర పెట్టుకోకండి. జీలకర్ర బెల్లం, సూత్రధారణ ఆ టైంకి జరగాల్సిందే, పంతులుగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం మోగుతుంది, అక్షింతలు పడతాయి, ఫొటోగ్రాఫర్లు మీద పడతారు, ఆ గోలలో మీ మాట ఆమెకే వినపడదు. తలంబ్రాల తర్వాత కొంచెం ఊపిరాడుతుంది, అక్కడ పెట్టుకోవాలంటే పంతులుగారితో రెండు రోజుల ముందే మాట్లాడండి, "ఒక మూడు నిమిషాలు మాకు వదలండి స్వామీ" అంటే చాలామంది ఒప్పుకుంటారు, మేళం వాళ్ళకి కూడా ఆయన చేతే చెప్పించండి. నా లెక్కలో అయితే మీలాంటి వాళ్ళకి రిసెప్షన్ మొదట్లో, జనం లైను కట్టకముందు బాగుంటుంది. ఒకసారి లైను మొదలైందా, గిఫ్టు కవర్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇంకో దారి కూడా ఉంది, ఆమెని అడిగి చూడండి. స్టేజి అసలు లేకుండా, పెళ్లి ముందు రోజు సాయంత్రం రెండు ఇళ్ళవాళ్ళు పదిహేను మంది మధ్య, మైకు లేకుండా చెప్పుకోవడం. కావాలంటే వీడియోగ్రాఫర్ ఒక్కరు ఉంటారు. అమ్మాయికి కావాల్సింది మీ మాటలా, నాలుగొందల మంది వినడమా అన్నది అడిగితేనే తెలుస్తుంది, చాలామంది అమ్మాయిలు మొదటిదే అంటారు. అస్సలు కుదరదు అనిపిస్తే, ఆమె రాసిన మాటలూ మీరు రాసిన మాటలూ యాంకర్ ఒక్కో ముక్క చెప్తుంటే వెనకాల అనండి. "నాతిచరామి" కూడా అలా చెప్పిందే కదా. రిజిస్టర్ పెళ్లిలో కూడా నోటితో అనాల్సింది ఇంతే, 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ప్రకారం మ్యారేజ్ ఆఫీసర్, ముగ్గురు సాక్షుల ముందు ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా "ఫలానా నేను ఫలానా నిన్ను చట్టబద్ధంగా భార్యగా లేదా భర్తగా స్వీకరిస్తున్నాను" అని ఇద్దరూ చెరొక వాక్యం అంటారు.

ఆమెతో ముందే తేల్చుకోవాల్సినవి: ఎంతసేపు, ఏ భాష, ఎవరు ముందు. రాసింది ఒకరికొకరు చూపించుకోనక్కర్లేదు, కానీ నిడివి మాత్రం కలవాలి. ఆమె ఐదు నిమిషాలు చెప్పి మీరు నిమిషంలో ముగిస్తే మీది ఎంత బాగున్నా వెలితిగా కనపడుతుంది. ఇద్దరివీ చదవడానికి ఒక మనిషిని పెట్టుకోండి, ఒకే సంఘటన ఇద్దరూ రాసినా, ఒకరు నవ్విస్తూ ఒకరు ఏడిపిస్తూ రాసినా వాళ్ళు ముందే చెప్తారు. భయపడేవాళ్ళు ముందు చెప్పేయడం మేలు, ఆమెది విన్నాక కళ్ళు తడిస్తే కార్డు కనపడదు. భాష విషయానికొస్తే మీరు తెలుగులో చెప్పండి, ఆమె ఇంగ్లీషులో చెప్తే చెప్పనివ్వండి. ఆమె ఫ్రెండ్స్‌కి అర్థం కావాలంటే యాంకర్ తర్వాత రెండు ముక్కల్లో చెప్తారు, మీరు రెండు భాషల్లో రెండుసార్లు చెప్పక్కర్లేదు.

ప్రాక్టీసు అద్దం ముందు వద్దు, మన మొహం మనం చూసుకుంటే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. నిలబడి, కార్డు పట్టుకుని, ఒక మనిషి ముందు గట్టిగా చదవండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి, మీరు అనుకున్న దానికంటే స్పీడుగా చదువుతున్నారని తెలుస్తుంది, అందరికీ అంతే. పెళ్లి ముందు రోజు ఒకసారి చదివి వదిలేయండి, ఆ రోజు మాటలు మార్చొద్దు.

చదువుతుంటే ఏడుపొస్తే ఆగండి, కార్డు వైపు చూసి ఊపిరి వదలండి, సారీ చెప్పకండి, మళ్ళీ అదే లైను మొదటి నుంచి. హాల్లో ఎవరూ తొందర పెట్టరు.

కార్డు వెనకవైపు పొట్టి వెర్షన్ ఒకటి రాసి పెట్టుకోండి. ముహూర్తం లేటయిందనో, కరెంటు పోయిందనో, మీకే నోరు పెగలడం లేదనో, ఏదైనా కావచ్చు. ఆ అబ్బాయి వెనక రాసుకున్నది మూడే ముక్కలు: ఆమె పేరు, "ఎంత కోపమొచ్చినా పడుకునేలోపు నోరు విప్పుతాను", "నీ పక్కనే ఉంటాను". వాడాల్సిన అవసరం రాలేదు, కానీ వెనక అది ఉందన్న ధైర్యంతోనే ముందుది చదివానన్నాడు. మీది రాశాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ఏం కొట్టేయాలో చూసి చెప్తాను.